పరిశోధన పత్రం ఉచితంగా, చట్టబద్ధంగా దొరికినప్పుడు: చేతికి వచ్చింది ఏ కూర్పు?

ఒక పరిశోధన గురించి వార్తలో చదివి, అసలు పత్రం చూద్దామని జర్నల్ పేజీ తెరిస్తే సారాంశం వరకే కనిపిస్తుంది, మిగతాది చదవాలంటే డబ్బు కట్టమంటుంది. దీనినే పేవాల్ అంటారు. అయితే చాలా సందర్భాల్లో అదే పరిశోధన మరోచోట ఎవరి అనుమతినీ ఉల్లంఘించకుండా, పూర్తి పాఠంతో, ఉచితంగా ఉంటుంది. అలాంటి ప్రతిని పట్టుకోవడం పెద్ద కష్టమేమీ కాదు. అలా దొరికినది ఆ పరిశోధన తాలూకు ఏ దశలోని పాఠమో తెలుసుకోవడమే కష్టం. ఆ ప్రతిని ఉచితంగా పంచడం చట్టబద్ధమా కాదా, అందులోని అంకెలను ఎంతవరకు నమ్మవచ్చు అనే రెండు ప్రశ్నలకూ జవాబు చాలావరకు ఈ ఒక్క విషయం మీదే ఆధారపడి ఉంటుంది.

## ఒకే పరిశోధన, మూడు పాఠాలు

శాస్త్రవేత్త తన పని పూర్తిచేసి, పత్రం రాసి, జర్నల్‌కు పంపిన రూపం మొదటిది. దీనిని సమర్పించిన కూర్పు అనవచ్చు. ఇంకా ఏ నిపుణుడూ సమీక్షించని ఈ రూపాన్నే రచయితలు అందరికీ కనిపించేలా ఒక సర్వర్‌లో పెడితే అది ప్రిప్రింట్ అవుతుంది.

జర్నల్ సంపాదకులు ఆ పత్రాన్ని అదే రంగంలోని ఇద్దరు ముగ్గురు నిపుణులకు పంపుతారు. వారు అభ్యంతరాలు లేవనెత్తుతారు, అదనపు ప్రయోగాలు అడుగుతారు, కొన్ని వాదనలను తగ్గించి రాయమంటారు. ఆ మార్పులన్నీ చేశాక సంపాదకుడు ఒప్పుకున్న రూపం రెండవది, అంటే అంగీకృత కూర్పు. ఇందులోని విషయం దాదాపు తుది రూపానికి చేరుతుంది, కానీ చూడటానికి మాత్రం రచయిత కంప్యూటర్‌లో టైపు చేసిన మామూలు ఫైలులాగే ఉంటుంది. వరుసల మధ్య ఎడం ఎక్కువగా ఉంటుంది, పటాలు చివర విడిగా ఉంటాయి, జర్నల్ ముద్ర ఎక్కడా ఉండదు.

ఆ తరువాత ప్రచురణ సంస్థ భాష సరిచూసి, పేజీలు కూర్చి, సంపుటి సంఖ్య, పేజీ సంఖ్యలు వేసి విడుదల చేసేది మూడవది, ప్రచురిత కూర్పు. పేవాల్ వెనుక ఉండేది సాధారణంగా ఇదే. మొదటి కూర్పుకూ రెండవ కూర్పుకూ మధ్య శాస్త్రం మారవచ్చు. రెండవదానికీ మూడవదానికీ మధ్య ఎక్కువగా మారేది రూపం, భాష మాత్రమే. ఉచిత ప్రతుల కోసం వెతికేవారు ఈ తేడాను గుర్తుంచుకుంటే చాలు, మిగతా చిక్కులు చాలావరకు వాటంతటవే విడిపోతాయి.

## ఉచితంగా పంచే హక్కు ఎక్కడి నుంచి వస్తుంది

చందా పద్ధతిలో నడిచే జర్నల్‌లో పత్రం వచ్చేటప్పుడు రచయితలు సాధారణంగా కాపీరైట్‌ను ప్రచురణ సంస్థకు బదిలీ చేస్తారు, లేదా ప్రచురించే ప్రత్యేక హక్కును ఇస్తారు. అంతమాత్రాన రచయిత చేతులు పూర్తిగా కట్టేసినట్లు కాదు. చాలా ఒప్పందాలు మూడు కూర్పులనూ మూడు విధాలుగా చూస్తాయి. సమర్పించిన కూర్పును ఎప్పుడైనా, ఎక్కడైనా పెట్టుకోవచ్చంటాయి. అంగీకృత కూర్పును విశ్వవిద్యాలయం వారి రిపాజిటరీలో, అంటే పత్రాలను ఆన్‌లైన్‌లో దాచే భాండాగారంలో, పెట్టవచ్చు గానీ కొంతకాలం ఆగిన తరువాతే తెరవాలంటాయి. జర్నల్ ముద్ర ఉన్న ప్రచురిత పీడీఎఫ్‌ను మాత్రం బయట పెట్టవద్దంటాయి. ఆ ఆగవలసిన వ్యవధిని ఎంబార్గో అంటారు. అది ఆరు నెలలు కావచ్చు, పన్నెండు కావచ్చు, ఇరవై నాలుగు కూడా కావచ్చు. ఏ జర్నల్ ఏ కూర్పును ఎప్పుడు పంచనిస్తుందో షెర్పా రోమియో పేరుతో మొదలైన ఒక ఉచిత సూచికలో చూసుకోవచ్చు. దానిని నిర్వహిస్తున్న జిస్క్ సంస్థ ఇప్పుడు ఓపెన్ పాలసీ ఫైండర్ అనే పేరుతో నడుపుతోంది.

ఈ ఏర్పాట్లకే రంగుల పేర్లు వచ్చాయి. రచయిత తన కూర్పును రిపాజిటరీలో పెట్టడం ద్వారా తెరుచుకునే మార్గాన్ని గ్రీన్ అంటారు. జర్నల్ మొత్తం అందరికీ తెరిచే ఉంటే అది గోల్డ్. చందా జర్నల్‌లో ఒక్క పత్రానికి మాత్రం రుసుము కట్టి తెరిపిస్తే హైబ్రిడ్. నాలుగవది బ్రాంజ్, జాగ్రత్తగా చూడవలసింది దీనినే. ప్రచురణ సంస్థ తన సైటులోనే పత్రాన్ని ఉచితంగా చూడనిస్తుంది గానీ ఏ లైసెన్సూ ఇవ్వదు. ఈ రోజు తెరిచిన ఆ పత్రం వచ్చే నెలలో మూతపడినా అడిగేందుకు ఆధారం ఉండదు. ఇక్కడే చదవడానికి ఉచితం కావడం వేరు, తిరిగి వాడుకునే హక్కు ఉండటం వేరు అన్న సంగతి తేటపడుతుంది. సీసీ బై అనే క్రియేటివ్ కామన్స్ లైసెన్సు ఉన్న పత్రాన్ని రచయితల పేరు చెప్పి ఎవరైనా అనువదించవచ్చు, పాఠంగా పంచవచ్చు. లైసెన్సు లేని పత్రాన్ని చదువుకోవడానికి మాత్రమే అవకాశం ఉంటుంది.

ఎంబార్గో ఉండాలా వద్దా అన్నది చాలాకాలంగా నడుస్తున్న వివాదం. సమీక్షను నడిపించడానికి, సంపాదకులను పోషించడానికి, పత్రాలను శాశ్వతంగా భద్రపరచడానికి ఖర్చవుతుందని, అంగీకృత కూర్పు వెంటనే ఉచితంగా దొరికితే గ్రంథాలయాలు చందాలు మానేస్తాయని ప్రచురణ సంస్థలు అంటాయి. చిన్న విద్వత్ సంఘాలు నడిపే జర్నళ్ల విషయంలో ఈ ఆందోళనను తేలిగ్గా కొట్టిపారేయలేం. పరిశోధనకు డబ్బిచ్చింది ప్రజలే, సమీక్ష చేసిన నిపుణులకు జర్నల్ సాధారణంగా ఏమీ చెల్లించదు, కాబట్టి ఫలితాన్ని చదవడానికి ప్రజలు ఏడాది ఆగాలనడం న్యాయం కాదని రెండో పక్షం వాదిస్తుంది. విధానాలు మాత్రం క్రమంగా రెండో వాదం వైపు జరుగుతున్నాయి. అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ 2008లో తాను నిధులిచ్చిన పరిశోధనల అంగీకృత కూర్పులను పబ్‌మెడ్ సెంట్రల్ అనే ఉచిత రిపాజిటరీలో పెట్టి, పన్నెండు నెలల్లోపు తెరవాలని నియమం పెట్టింది. 2025 జులై 1 నుంచి ఆమోదం పొందిన పత్రాలకు ఆ నిరీక్షణను తీసివేసి, ప్రచురణ రోజునే తెరవాలని మార్చింది. వైద్య పరిశోధన చదివేవారికి ఈ తేదీ ఉపయోగపడుతుంది. అంతకుముందు ఆమోదం పొందిన పత్రం ప్రచురణ అయిన కొత్తలో కనిపించకపోయి ఉంటే, ఏడాది గడిచాక మళ్లీ వెతికితే దొరకవచ్చు.

## డీఓఐ చేతిలో పెట్టుకుని వెతకడం

ప్రచురితమైన దాదాపు ప్రతి పత్రానికీ డీఓఐ అనే స్థిరమైన గుర్తింపు సంఖ్య ఉంటుంది. అది ఎప్పుడూ 10 అనే సంఖ్యతో మొదలై, మధ్యలో ఒక ఏటవాలు గీతతో సాగుతుంది. పేరుతో వెతికితే ఒకే పేరున్న వేరే పత్రాలు అడ్డురావచ్చు. డీఓఐతో వెతికితే ఆ పొరపాటు జరగదు.

డీఓఐ దొరికాక మొదట చూడదగినది అన్‌పేవాల్. ప్రచురణ సంస్థల సైట్లను, వేల రిపాజిటరీలను గాలించి, ఏ పత్రానికి చట్టబద్ధమైన ఉచిత ప్రతి ఎక్కడుందో నమోదు చేసే సూచిక అది. బ్రౌజర్‌లో దాని ఎక్స్‌టెన్షన్ పెట్టుకుంటే, జర్నల్ పేజీ పక్కన తాళం గుర్తు తెరుచుకుని ఆకుపచ్చగానో మరో రంగులోనో కనిపిస్తుంది. కానీ ఆ తాళం కింద ఏముందో చూడాలంటే సూచికనే నేరుగా అడగడం మేలు. చిరునామా పెట్టెలో ఇలా టైపు చేస్తే చాలు, DOI అన్నచోట పత్రం డీఓఐ, చివర మీ ఈమెయిల్ ఇవ్వాలి:

```
https://api.unpaywall.org/v2/DOI?email=YOUR_EMAIL
```

వచ్చే జవాబు పొడవుగా ఉంటుంది గానీ అందులో చూడవలసినవి కొన్ని వరుసలే. ఒక పత్రానికి ఇలా వచ్చిందనుకుందాం:

```
"oa_status": "green",
"host_type": "repository",
"version": "acceptedVersion",
"license": null
```

మొదటి రెండు వరుసలు పత్రం జర్నల్ సైటులో మూసి ఉందనీ, ఒక రిపాజిటరీలో మాత్రం తెరిచి ఉందనీ చెబుతున్నాయి. మూడవ వరుస అది అంగీకృత కూర్పని, అంటే సమీక్ష పూర్తయిన పాఠమని చెబుతోంది. ఆ స్థానంలో `submittedVersion` అని ఉంటే సమీక్షకు ముందు పాఠం, `publishedVersion` అని ఉంటే జర్నల్ వేసిన పాఠం. నాలుగవ వరుసలో లైసెన్సు ఏదీ నమోదు కాలేదు, కనుక చదువుకోవచ్చు గానీ తిరిగి ప్రచురించవచ్చని అనుకోకూడదు. ఒక్క జాగ్రత్త అవసరం. రిపాజిటరీ ప్రతుల విషయంలో ఈ కూర్పు పేరు మనిషి తెరిచి చదివి రాసింది కాదు, దొరికిన వివరాలను బట్టి యంత్రం కట్టిన అంచనా. అందువల్ల ఫైలు తెరిచి మొదటి పేజీ చూడకుండా ఆ పేరును ఖాయం చేసుకోకూడదు.

అన్‌పేవాల్‌లో దొరకనప్పుడు గూగుల్ స్కాలర్ అక్కరకొస్తుంది. ఫలితం కింద `All versions` అనే లంకె నొక్కితే అదే పత్రం ఇతర చోట్ల ఉన్న ప్రతులన్నీ ఒకచోట వస్తాయి. విశ్వవిద్యాలయపు రిపాజిటరీ, రచయిత సొంత పేజీ, ప్రిప్రింట్ సర్వర్ అన్నీ ఆ జాబితాలో కనిపించవచ్చు. స్కాలర్ కూర్పులను వేరుచేసి చెప్పదు, ఆ ప్రతిని పెట్టినవారికి పెట్టే హక్కు ఉందో లేదో కూడా చూడదు. ఆ రెండు పనులూ చదివేవారివే. వైద్య, జీవశాస్త్ర పత్రాలైతే పబ్‌మెడ్ సెంట్రల్‌లో విడిగా చూడాలి. అక్కడ అంగీకృత కూర్పుల మీద `Author manuscript` అని స్పష్టంగా రాసి ఉంటుంది కాబట్టి కూర్పు విషయంలో తికమక ఉండదు.

రిపాజిటరీలో పత్రం పేరు, సారాంశం ఉండి ఫైలు మాత్రం తెరుచుకోకపోవడం తరచూ ఎదురవుతుంది. సాధారణంగా దాని అర్థం ఎంబార్గో ఇంకా పూర్తి కాలేదని. ఆ పేజీలోనే తెరుచుకునే తేదీ రాసి ఉంటుంది. మరో ఇబ్బంది పేరు మారడం. సమీక్షకులు వాదనను తగ్గించమన్నప్పుడు రచయితలు శీర్షికను కూడా మారుస్తారు. అప్పుడు ప్రిప్రింట్ ఒక పేరుతో, జర్నల్ పత్రం మరో పేరుతో ఉండి, రెండింటినీ కలిపే లంకె ఏ సూచికలోనూ ఏర్పడకపోవచ్చు. అలాంటప్పుడు శీర్షికను వదిలి, మొదటి రచయిత, చివరి రచయిత ఇంటిపేర్లతో పాటు సారాంశంలోని ఒక అరుదైన మాటను కలిపి వెతికితే పాత పేరున్న ప్రతి బయటపడుతుంది.

## ఒకే చిరునామాలో 60.7, అదే చిరునామాలో 6.5

ప్రిప్రింట్ సర్వర్లలో మొదటిది 1991లో పాల్ గిన్‌స్పార్గ్ లాస్ అలమోస్‌లో మొదలుపెట్టిన ఆర్కైవ్. తెరమీద arXiv అని కనిపించే ఈ సర్వర్ 2001లో కార్నెల్ విశ్వవిద్యాలయానికి మారింది. భౌతిక శాస్త్రం, గణితం, కంప్యూటర్ శాస్త్రాలకు ఇది ప్రధాన నెలవు. జీవశాస్త్రానికి 2013లో బయోఆర్కైవ్, వైద్యానికి 2019లో మెడ్‌ఆర్కైవ్ వచ్చాయి. కూర్పు ఎంత ముఖ్యమో చూపడానికి ఆర్కైవ్‌లోని 1109.4897 అనే పత్రం కంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

ముందు ఆ సంఖ్యనే చదువుదాం. మొదటి రెండంకెలు సంవత్సరం, తరువాతి రెండు నెల, చుక్క తరువాతది ఆ నెలలో వరుస సంఖ్య. అంటే ఇది 2011 సెప్టెంబరులో చేరిన పత్రం. జెనీవా దగ్గరి సెర్న్ కణ భౌతిక ప్రయోగశాల నుంచి సుమారు 730 కిలోమీటర్ల దూరంలో, ఇటలీలోని గ్రాన్ సాసో భూగర్భ ప్రయోగశాలకు న్యూట్రినో కణాలను పంపి, అవి ఎంత సమయంలో చేరాయో ఒపేరా ప్రయోగ బృందం కొలిచింది. ఆ దూరాన్ని కాంతి దాటడానికి సుమారు 2.4 మిల్లీసెకన్లు పడుతుంది. న్యూట్రినోలు కాంతి కంటే 60.7 నానోసెకన్లు ముందే చేరినట్లు ఈ పత్రం మొదటి కూర్పు చెప్పింది. కొలతలో అనిశ్చితి రెండు రకాలుగా, 6.9, 7.4 నానోసెకన్లు మాత్రమే. కాంతిని మించిన వేగం సాధ్యమేనా అని ప్రపంచమంతా చర్చించింది ఈ కూర్పు మీదే. నవంబరులో పెట్టిన రెండవ కూర్పులో కూడా అంకె పెద్దగా మారలేదు, 57.8 అయింది.

2012 ఫిబ్రవరి నాటికి రెండు లోపాలు బయటపడ్డాయి. జీపీఎస్ సంకేతాన్ని ప్రయోగపు ప్రధాన గడియారానికి తెచ్చే ఆప్టికల్ ఫైబర్ తీగ సరిగా బిగించి లేదు, గడియారంలోని ఓసిలేటర్ వేగంలోనూ కొద్ది తేడా ఉంది. వాటిని సరిచేసి అదే ఏడాది జులైలో పెట్టిన కూర్పులో ముందుగా చేరిన సమయం 6.5 నానోసెకన్లకు పడిపోయింది. అనిశ్చితి 7.4, దాని పైన మరో ఎనిమిది వరకు ఉంది. కొలిచిన విలువ కంటే కొలతలోని అనిశ్చితే ఎక్కువ, కాబట్టి కాంతి వేగానికీ న్యూట్రినో వేగానికీ తేడా కనిపించలేదనే అర్థం. జర్నల్ ఆఫ్ హై ఎనర్జీ ఫిజిక్స్‌లో ప్రచురితమైంది ఈ సరిచేసిన ఫలితమే.

ఇప్పుడు వెతికేవారి వైపు నుంచి చూద్దాం. కింది రెండు చిరునామాలూ ఉచితమే, చట్టబద్ధమే, రెండింటిలోనూ శీర్షిక ఒక్కటే:

```
https://arxiv.org/abs/1109.4897v1
https://arxiv.org/abs/1109.4897
```

మొదటిది ఎప్పటికీ 60.7 అనే చూపుతుంది. రెండవది, చివర కూర్పు సంఖ్య లేనిది, ఎప్పుడూ చివరి కూర్పునే తెరుస్తుంది, అందులో 6.5 కనిపిస్తుంది. ఎవరైనా 2011లో పీడీఎఫ్ దింపుకుని దాచుకుంటే, లేదా పాత వార్తలోని లంకె చివర v1 ఉంటే, తప్పు అని తేలిన అంకెను సరైనదనుకుని చదువుతారు. పేజీ కింది భాగంలో `Submission history` అనే చోట ఏ కూర్పు ఏ తేదీన వచ్చిందో వరుసగా ఉంటుంది. పీడీఎఫ్ మొదటి పేజీ ఎడమ అంచున నిలువుగా ముద్రించిన వరుసలో కూడా కూర్పు సంఖ్య, తేదీ కనిపిస్తాయి. చేతిలో ఫైలు మాత్రమే ఉన్నప్పుడు చూడవలసింది ఆ అంచునే.

ఈ ఉదాహరణ మరో పొరపాటును కూడా సరిచేస్తుంది. ప్రిప్రింట్ సర్వర్‌లో ఉన్నదంతా సమీక్ష కానిదే అని చాలామంది అనుకుంటారు. ఆర్కైవ్‌లో రచయితలు సమీక్ష తరువాతి పాఠాన్ని కూడా అదే సంఖ్య కింద కొత్త కూర్పుగా పెడుతుంటారు. పేజీలోని `Comments`, `Journal reference` వరుసలు చూస్తే పత్రం ఏ జర్నల్‌లో వచ్చిందో తరచుగా తెలుస్తుంది. ఆ వరుసలు నింపే బాధ్యత రచయితలది కాబట్టి ఖాళీగా ఉన్నంత మాత్రాన ప్రచురణ కాలేదని తేల్చలేం. బయోఆర్కైవ్ పేజీలో `Now published in` అని జర్నల్ పేరు, డీఓఐ వస్తాయి. అది వచ్చిందంటే ప్రచురిత పాఠం వేరుగా ఉందని, దానితో పోల్చి చూడాలని గుర్తు.

## సమీక్ష కాని పాఠాన్ని చదవడం మీద రెండు అభిప్రాయాలు

ప్రిప్రింట్లను సమర్థించేవారు వేగాన్ని, బహిరంగ చర్చను ముందుకు తెస్తారు. ఒపేరా ఫలితం బహిరంగంగా ఉండబట్టే బయటి భౌతిక శాస్త్రవేత్తలు దానిని ఆ రోజు నుంచే పరిశీలించగలిగారు. రష్యా గణిత శాస్త్రవేత్త గ్రిగరీ పెరెల్మాన్ 2002లో, 2003లో ఆర్కైవ్‌లో పెట్టిన మూడు పత్రాలు మరింత బలమైన ఉదాహరణ. గణితంలో ఏళ్ల తరబడి తేలకుండా ఉన్న పోయంకరే ప్రతిపాదనకు నిరూపణ వాటిలోనే ఉంది. వాటిని ఆయన ఏ జర్నల్‌కూ పంపలేదు. ఇతర గణిత శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి పంక్తి పంక్తీ సరిచూసి నిర్ధారించారు. అక్కడ ఉచిత ప్రతే అసలు ప్రతి, వెతకడానికి మరో కూర్పు లేదు.

అభ్యంతరం చెప్పేవారు వైద్యాన్ని చూపుతారు. గణితంలో తప్పు నిరూపణ వల్ల ఎవరి ఆరోగ్యమూ చెడదు, మందు పనిచేస్తుందని చెప్పే తప్పు ప్రిప్రింట్ వల్ల చెడవచ్చు. ఈ తేడా నిజమైనదే. మెడ్‌ఆర్కైవ్ ప్రతి పత్రం మీద అది సమీక్ష కాలేదని, వైద్యానికి దానిని ఆధారం చేసుకోకూడదని హెచ్చరిక వేయడం అందుకే. నా దృష్టిలో ఈ రెండు అభిప్రాయాలూ ఒకదానికొకటి పూర్తిగా విరుద్ధం కావు. పత్రాన్ని అంచనా వేయగల తర్ఫీదు చదివేవారికి ఎంత తక్కువైతే అంగీకృత కూర్పు దొరికే వరకు ఆగడం అంత అవసరం అని రెండూ కలిసి చెబుతున్నాయి.

## ఉచితంగా కనిపించినా అనుమానించవలసిన చోట్లు

పరిశోధకుల సామాజిక వేదికల్లో రచయితలు తమ ప్రచురిత పీడీఎఫ్‌లనే నేరుగా పెడుతుంటారు. వాటిలో కొన్ని గోల్డ్ పత్రాలు కావడం వల్ల చట్టబద్ధం, కొన్నింటికి ఒప్పందం ఒప్పుకోదు. అలాంటి వేదికే అయిన రీసెర్చ్‌గేట్ మీద ఎల్సెవియర్, అమెరికన్ కెమికల్ సొసైటీ అనే ప్రచురణ సంస్థలు 2017లో జర్మనీలో దావా వేసింది ఈ కారణంగానే. ఆ వేదికల్లోని ప్రతులను అన్‌పేవాల్ లెక్కలోకి తీసుకోదు. కనుక ఉచిత ప్రతి లేదని అన్‌పేవాల్ చెప్పినా, అలాంటి వేదికలో మాత్రం జర్నల్ ముద్రతో పీడీఎఫ్ కనిపిస్తే, పత్రం మొదటి లేదా చివరి పేజీలో క్రియేటివ్ కామన్స్ లైసెన్సు ప్రస్తావన ఉందేమో చూడాలి. లేకపోతే అది అనుమతి లేని ప్రతి అయ్యే అవకాశమే ఎక్కువ. పేవాల్ వెనుక ఉన్న పత్రాలను అనుమతి లేకుండా అందరికీ ఇచ్చే, 2011లో మొదలైన సై-హబ్ వంటి చోట్ల ఈ సందేహం కూడా ఉండదు. కాపీరైట్ ఉల్లంఘన కింద అనేక దేశాల్లో న్యాయస్థానాలు దానిని తప్పుపట్టాయి. చందాల ధరలే అలాంటి వాటిని పుట్టించాయన్న వాదనలో బలం ఉన్నా, ఆ ప్రతులు చట్టబద్ధమైనవి మాత్రం కావు.

## ఎక్కడా దొరకనప్పుడు

అన్‌పేవాల్, స్కాలర్, సంబంధిత రిపాజిటరీ మూడూ ఖాళీగా వచ్చినప్పుడు మిగిలే దారి రచయితను అడగడం. సారాంశం ఉన్న పేజీలో సంప్రదించవలసిన రచయిత ఈమెయిల్ సాధారణంగా బహిరంగంగానే ఉంటుంది. ఒక్క వ్యక్తికి చదువుకోవడానికి ప్రతి పంపడాన్ని చాలా ఒప్పందాలు అనుమతిస్తాయి. ఉత్తరంలో పత్రం డీఓఐ రాసి, అంగీకృత కూర్పు ఉంటే పంపమని ప్రత్యేకంగా అడగడం మంచిది, ఎందుకంటే దానిని పంచుకునే స్వేచ్ఛ రచయితకు ప్రచురిత పీడీఎఫ్ కంటే ఎక్కువగా ఉంటుంది.

అలా వచ్చిన కూర్పు నుంచి ఉటంకించేటప్పుడు పేజీ సంఖ్యల విషయంలో మాత్రం చిక్కు వస్తుంది. అంగీకృత కూర్పులో 14వ పేజీలో ఉన్న వాక్యం జర్నల్‌లో 1127వ పేజీలో ఉండవచ్చు, భాష దిద్దుబాటులో ఒకటి రెండు మాటలు మారి ఉండవచ్చు. కాబట్టి పేజీకి బదులు విభాగం పేరు గానీ పట్టిక సంఖ్య గానీ చెప్పి, జర్నల్ డీఓఐతో పాటు చదివింది అంగీకృత కూర్పు అని రాస్తే, దానిని సరిచూడాలనుకున్నవారు ఏ కూర్పు తెరిచినా ఆ చోటికి చేరగలుగుతారు. ప్రిప్రింట్ నుంచి తీసుకుంటే కూర్పు సంఖ్య కూడా రాయాలి. 1109.4897 అని మాత్రమే రాసిన ఉటంకింపు 60.7ను చెబుతోందో 6.5ను చెబుతోందో చదివేవారికి తెలిసే మార్గం లేదు.